అద్దానికి కాస్త తడి, చార్జింగ్ పిన్‌కి పూర్తి పొడి: ఫోన్‌ను దేనితో శుభ్రం చేయాలి?

ఫోన్‌లో రోజూ మురికి పట్టే చోట్లు రెండు. ఒకటి ముందున్న అద్దం, రెండోది కింద చార్జర్ పెట్టే పిన్. ఈ రెండింటికీ మురికి వేరు, ప్రమాదమూ వేరు. కానీ చాలామంది చేసేది తలకిందులుగా ఉంటుంది. తడి తగిలితే ఫోన్ పాడవుతుందేమోనని అద్దాన్ని పొడి చొక్కా అంచుతో బరబరా రుద్దుతారు. చార్జింగ్ ఎక్కకపోతే మాత్రం పిన్‌లోకి నోటితో గట్టిగా ఊదుతారు, లేదా స్పిరిట్ చుక్క వేస్తారు. నిజానికి అద్దానికి చేటు చేసేది పొడి రాపిడి. పిన్‌కి చేటు చేసేది తడి. ఏది వాడాలో, ఏది వద్దో తేల్చుకోవడానికి ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు అద్దం సంగతి

కొత్త ఫోన్ అద్దం మీద వేలు జారినట్టు పోతుంది, వేలిముద్ర పడినా ఒక్క తుడుపుతో పోతుంది. అది గాజు గొప్పతనం కాదు. గాజు మీద ఫ్లోరిన్ కలిసిన ఒక పూత ఉంటుంది. దాన్ని ఒలియోఫోబిక్ కోటింగ్ అంటారు. జిడ్డు అంటుకోకుండా చూడడం దాని పని. దీని మందం నానోమీటర్లలో ఉంటుంది, కంటికి కనపడదు. అది గాజుకు రసాయన బంధంతో అతుక్కుని ఉంటుంది కాబట్టి ఊరికే నీళ్లు తగిలితే ఊడిపోదు. రెండు రకాలుగా పోతుంది: రోజూ వేళ్లూ గుడ్డలూ రాపాడి కొద్దికొద్దిగా అరిగిపోతుంది, లేదా గాఢమైన క్షారం, బ్లీచింగ్ లాంటివి తగిలితే ఆ బంధమే తెగిపోతుంది.

మీ ఫోన్‌కి పూత ఇంకా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. అద్దం తుడిచి, మధ్యలో వేలికొసతో ఒక చిన్న నీటి చుక్క పెట్టండి. చుక్క గుండ్రంగా పూసలా నిలబడి, ఫోన్ వంచగానే జారిపోతే పూత బాగుంది. చుక్క పరుచుకుని అతుక్కుపోతే అక్కడ పూత అరిగిపోయింది. కీబోర్డు వచ్చే కింది సగంలోనూ, వేలు తగలని పైఅంచు దగ్గరా చెరొక చుక్క పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఏడాది, రెండేళ్లు వాడిన ఫోన్లలో ముందుగా అరిగేది కింది సగమే.

ఇక్కడ ఒక మాట. మనలో ఎక్కువమంది ఫోన్ కొన్నరోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తారు. అప్పుడు మీరు తుడిచేది గార్డు పూతను, ఫోన్ పూతను కాదు. చవక గార్డుల పూత తొందరగా పోతుంది, కానీ గార్డు మార్చుకుంటే కొత్త పూత వచ్చినట్టే. కాబట్టి గార్డు ఉన్నవాళ్లకు పూత గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. వాళ్లు చూసుకోవాల్సింది అంచు. తడి ఎక్కువైతే గార్డు కిందికి చేరి, అక్కడ జిగురు ఊడి, దుమ్ము గీతలా పేరుకుంటుంది.

ఇప్పుడు తుడవడానికి మనకున్న దారులు చూద్దాం.

పొడి గుడ్డ అందరికీ అలవాటైనది, కానీ నాకు అంతగా నచ్చనిది కూడా ఇదే. కారణం దుమ్ము. మన రోడ్ల దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7. ఫోన్ గాజు మీద గీతలు మొదలయ్యేది సుమారు 6 దగ్గర. అంటే ఒక్క ఇసుక రేణువును గుడ్డ కింద పెట్టి రుద్దినా గాజుకు గీత పడొచ్చు, పూత సంగతి చెప్పనే అక్కర్లేదు. పంచె చెంగు, చున్నీ, జీన్స్ తొడ మీద రుద్దడం ఇవన్నీ ఈ కోవలోవే. టిష్యూ పేపరు చెక్క గుజ్జుతో చేసింది, మెత్తగా ఉన్నట్టు కనపడినా పూతకు గరుకే, పైగా పీచు వదులుతుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డ వీటన్నిటికన్నా మేలు. కళ్లజోళ్ల షాపులో ఇచ్చే గుడ్డ ఇదే రకం. దానితో వేలిముద్రలు పోతాయి. అయితే ఫోన్ బైక్ హోల్డర్‌లో ఉండి వచ్చినా, పొలంలోనో ఇల్లు కట్టే చోటో తిరిగి వచ్చినా, ముందు అద్దాన్ని కిందికి వంచి తట్టి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపాకే గుడ్డ పెట్టండి.

రెండోది, నీటితో చెమ్మ చేసిన మైక్రోఫైబర్. రోజువారీ పనికి నా ఓటు దీనికే. తడి దుమ్మును పైకెత్తి గుడ్డలోకి లాగుతుంది, గట్టిగా రుద్దాల్సిన పని తప్పుతుంది. మామూలు చెమట జిడ్డు దీనితో పోతుంది. షరతు ఒక్కటే, నీళ్లు గుడ్డ మీద వేయాలి, ఫోన్ మీద కాదు. గుడ్డలో ఒక మూల తడిపి, గట్టిగా పిండి, అరచేతికి అద్దితే చల్లగా తగలాలి గానీ చేయి తడవకూడదు. ఆ మూలతో తుడిచి, వెంటనే గుడ్డ పొడి భాగంతో ఆరబెట్టండి. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి, అవి నీటిలోని సున్నపు లవణాలు. తాగే ఆర్‌ఓ నీళ్లు చాలు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

మూడోది ఆల్కహాల్. దీని మీద రెండు అతి అభిప్రాయాలున్నాయి. ఒకరు ‘ఆల్కహాల్ తగిలితే పూత ఒక్కరోజులో పోతుంది’ అంటారు, ఇంకొకరు రోజుకు పదిసార్లు శానిటైజర్ రాస్తారు. అప్పటిదాకా ఆల్కహాల్ వద్దని చెబుతూ వచ్చిన ఆపిల్ కంపెనీయే కరోనా వచ్చాక, 2020 మార్చిలో, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుడుపు కాగితంతో ఫోన్ పైభాగాలు మెల్లగా తుడవొచ్చని తన సూచనలు మార్చింది. బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దంటూనే ఉంది. ఆ పూతను 70 శాతం ఆల్కహాల్ కరిగించలేదు. పూత అరిగేది దానితో పాటు మనం చేసే రుద్దుడు వల్ల. కాబట్టి ఆసుపత్రికి వెళ్లి వచ్చినప్పుడు, చికెన్ కోసిన చేత్తో ఫోన్ పట్టుకున్నప్పుడు, ఇంట్లో ఎవరికైనా జలుబు జ్వరం ఉన్నప్పుడు వాడండి. రోజూ అలవాటుగా వద్దు.

దీనికి ఖరీదైన సీసా కొననక్కర్లేదు. ఇంజక్షన్ వేసే ముందు చర్మానికి రాసే ఆల్కహాల్ స్వాబ్‌లు మందుల షాపులో పొట్లాలుగా దొరుకుతాయి. వాటిలో సాధారణంగా ఉండేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలే, పొట్లం మీద రాసి ఉంటుంది చూడండి. పొట్లం విప్పగానే స్వాబ్ మరీ తడిగా ఉంటుంది, వేళ్ల మధ్య ఒకసారి పిండి అప్పుడు అద్దానికి పెట్టండి. ‘సర్జికల్ స్పిరిట్’ అని అమ్మే సీసాలు వేరు. కొన్నింటిలో ఆముదం లాంటి నూనె కలుపుతారు, అది అద్దం మీద పొరలా మిగులుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ కూడా అంతే. అందులో చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్, చిక్కదనానికి జిగురు పదార్థం, సువాసన ఉంటాయి. ఆల్కహాల్ ఎగిరిపోయాక ఇవి మిగిలి, అద్దం ముందుకన్నా జిడ్డుగా అవుతుంది. శానిటైజర్ రాశాక ‘పూత పోయింది’ అని బాధపడేవాళ్లలో కొందరికి నిజానికి పోయింది పూత కాదు, పట్టింది గ్లిజరిన్. చెమ్మ గుడ్డతో తుడిచి, మళ్లీ నీటి చుక్క పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది.

నాలుగోది, షాపుల్లో గుడ్డతో కలిపి అమ్మే స్క్రీన్ క్లీనర్ స్ప్రే. అందులో ఎక్కువ భాగం నీళ్లే, కొద్దిగా ఆల్కహాల్ లేదా తేలికపాటి సబ్బు లాంటిది ఉంటుంది. హాని లేదు, అవసరమూ లేదు. ఆ డబ్బుతో రెండు మంచి మైక్రోఫైబర్ గుడ్డలు కొనుక్కోవడం లాభం. ఒకటి వాడుతుంటే ఒకటి ఉతుక్కోవచ్చు. ఉతికేటప్పుడు బట్టలకు మెత్తదనం ఇచ్చే కండిషనర్ వేయకండి, అది గుడ్డ పోగుల్లో ఉండిపోయి తుడిచినప్పుడల్లా అద్దం మసకబారుతుంది.

వద్దనేవాటి గురించి ఎక్కువ చెప్పను. కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రేలు చాలావాటిలో అమ్మోనియా గానీ క్షారం గానీ ఉంటుంది. గీతలు పోతాయని చెప్పే టూత్‌పేస్టులోనూ వంటసోడాలోనూ ఉన్నది రాపిడి పొడి, అవి గీతను పూడ్చవు, చుట్టూ ఉన్న పూతను కూడా గీకేస్తాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. నెయిల్ పాలిష్ తీసే ద్రవంలో అసిటోన్ ఉంటుంది, అది ఫోన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నీ రంగునీ జిగురునీ తినేస్తుంది. మడత ఫోన్లు వాడేవాళ్లు మరో విషయం గమనించాలి. వాటి లోపలి తెర మీద పైన ఉన్నది ప్లాస్టిక్ పొర, వేలిగోరుకే గీత పడుతుంది. దానికి మెత్తని గుడ్డ తప్ప వేరే ప్రయోగాలు చేయకండి.

ఏది వాడినా పైన చెవి దగ్గర పెట్టుకునే స్పీకరు సందు వైపుకు కాకుండా, అక్కడి నుంచి దూరంగా కిందికి తుడవండి. ఆ సన్నని జాలీలోకి తడి పోతే అవతలి మాట గుసగుసలా వినపడుతుంది. చాలాసార్లు ఆరాక దానంతట అదే బాగవుతుంది గానీ, జిడ్డూ దుమ్మూ తడిసి గట్టిపడితే షాపుకు వెళ్లాల్సిందే.

చార్జింగ్ పిన్: ఇక్కడే అసలు నష్టాలు

అద్దం విషయంలో తప్పు చేస్తే పోయేది నునుపు. పిన్ విషయంలో తప్పు చేస్తే ఫోనే చార్జ్ కాదు. అందుకే ఏ పనిముట్టు ఎంచుకోవాలో తెలియాలంటే ముందు లోపల ఏముందో తెలియాలి.

ఇప్పుడు వచ్చే స్మార్ట్‌ఫోన్లలో దాదాపు అన్నిటిలో ఉన్నది టైప్ సి. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి ఐఫోన్లలోనూ ఇదే. టార్చి వేసి చూస్తే ఆ గుంట మధ్యలో నాలుకలాంటి సన్నని పలక కనపడుతుంది. దాని పైనా కిందా కలిపి 24 కాంటాక్టులు, అంటే బంగారు పూత ఉన్న సన్నని రాగి పట్టీలు ఉంటాయి. గుంట ఎత్తు 2.56 మిల్లీమీటర్లు, మధ్య నాలుక మందం 0.7 మిల్లీమీటర్లు. మిగిలిన దాన్ని పైకీ కిందికీ పంచితే ఒక్కో వైపు సందు ఒక మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. ఈ లెక్క గుర్తుంచుకోండి. మామూలు పళ్లపుల్ల లావు సుమారు రెండు మిల్లీమీటర్లు. దాన్ని అలాగే దూర్చితే నాలుకను ఒక పక్కకు నెట్టడం తప్ప ఇంకేమీ చేయదు.

పాత ఐఫోన్ల లైట్నింగ్ పిన్‌లో మధ్య నాలుక ఉండదు, కాంటాక్టులు గోడకు ఉంటాయి. లోపల ఖాళీ ఎక్కువ కాబట్టి శుభ్రం చేయడం తేలిక, పీచు పేరుకోవడమూ తేలికే.

లోపల పేరుకునేది ఎక్కువగా జేబులోని నూలు పీచు. కేబుల్ పెట్టిన ప్రతిసారీ దాన్ని వెనక గోడకు నొక్కేస్తుంది. అలా నెలల తరబడి నొక్కుకుని అది దళసరి అట్టలా తయారవుతుంది. అప్పుడు కేబుల్ చివరంటా దిగదు. ఇలా ఉందని చెప్పే గుర్తులు నాలుగైదు ఉన్నాయి. కేబుల్ పెట్టినప్పుడు వచ్చే చిన్న ‘టిక్’ రాదు. ఫోన్ కాస్త కదిపితే ఊడిపోతుంది. వంచి పట్టుకుంటేనే చార్జ్ అవుతుంది. ఫాస్ట్ చార్జింగ్ పోయి మామూలుగా ఎక్కుతుంది. అదే కేబుల్‌ని ఇంకో ఫోన్‌కి పెడితే పూర్తిగా లోపలికి దిగుతుంది, మీ ఫోన్‌లో మాత్రం లోహపు భాగం కొద్దిగా బయటికి కనపడుతుంది. ఈ ఆఖరి గుర్తు అన్నిటికన్నా నమ్మదగ్గది. రెండు ఫోన్లలోనూ కేబుల్ వదులుగానే ఉంటే తప్పు కేబుల్‌ది, పిన్‌ని ముట్టుకోకండి.

మా వీధిలో బ్లౌజులు కుట్టే ఒకావిడ ఫోన్ సంగతి ఇది. ఫోన్ ఎప్పుడూ మిషను బల్ల మీద, గుడ్డముక్కల మధ్య ఉంటుంది. చార్జర్ పెడితే దాని కింద దారపు ఉండ ఎత్తుపెట్టి వంచాల్సి వచ్చేది. “బోర్డు మార్చాలంటున్నారు తమ్ముడూ, ఎనిమిది వందలట,” అంది. ముందు కేబుల్‌ని వాళ్లమ్మాయి ఫోన్‌కి పెట్టి చూశాం, టిక్ మంటూ దిగింది. ఆవిడ ఫోన్‌లో లోహం గోరంచు మందాన బయటికి ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, పిన్ కిందికి ఉండేలా పట్టుకుని, అరచేతికి రెండు తట్లు తట్టాం. కొంచెం నలుసు రాలింది. తర్వాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే ప్లాస్టిక్ పుల్ల పల్చని కొసను నాలుకకు తగలకుండా, గుంట బయటి గోడకు ఆనించి, వెనక్కి పోనిచ్చి, మెల్లగా బయటికి లాగాం. మొదటి లాగుడులో ఏమీ రాలేదు. పుల్లను గుంట మూలకు మార్చాక పీచు కదిలింది. ఎర్రా పచ్చా దారపు నూగు కలిసిన చిన్న పలక ఒకటి ఊడొచ్చింది. అవతలి వైపు కూడా అలాగే చేసి, మెత్తని బ్రష్‌తో ఒకసారి దులిపాం. కేబుల్ పెడితే టిక్ మంది, ఫాస్ట్ చార్జింగ్ గుర్తు కూడా వచ్చింది. ఎనిమిది వందలు మిగిలాయి. ఆవిడ ఇప్పుడు ఫోన్‌ని మిషను బల్ల మీద కాకుండా గోడకు తగిలించిన సంచిలో పెడుతుంది. అసలు మందు అదే.

ఇక ఆ పుల్ల స్థానంలో జనం వాడేవి ఒక్కొక్కటీ తూచి చూద్దాం.

చేతికి ముందుగా అందేది సిమ్ తీసే పిన్ను, లేకపోతే పిన్నీసు. రెండూ సన్నగా ఉంటాయి, సందులోకి సులువుగా దూరతాయి, పీచు కూడా బాగా వస్తుంది. అందుకే ఇవి ప్రమాదకరం. ఫోన్ ఆఫ్‌లో ఉంటే షార్ట్ అవుతుందన్న భయం తక్కువే. అసలు నష్టం గీకుడు. కాంటాక్టు మీద బంగారు పూత చాలా పల్చన. ఇనుపకొన దాన్ని గీరితే కింది లోహం బయటపడుతుంది. చెమట తగిలే జేబులో, లేదా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, అది కొన్నాళ్లకు పచ్చబడుతుంది. ఆ రోజుకు చార్జింగ్ బాగానే ఎక్కుతుంది, చిలుము పట్టేది తర్వాత. పిన్నీసు గురించి ఎవరికీ చెడు అనుభవం వెంటనే కాకపోవడానికి ఇదే కారణం.

కొబ్బరి ఈనె, అగరుబత్తి పుల్ల, చెక్క పళ్లపుల్ల: లోహం కావు కాబట్టి మేలే. కానీ బ్లేడుతో పల్చగా, చదునుగా చెక్కాలి. ఈనె కొస ఎండితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క వెనక ఇరుక్కుంటే పీచు కన్నా పెద్ద తలనొప్పి. ఎండు చీపురులోంచి లాగిన ఈనె అసలు వద్దు, దానికి ఉన్న మట్టే లోపల వదులుతుంది. చెక్క తప్ప ఏదీ లేకపోతే కొత్త పళ్లపుల్లను చదునుగా చెక్కి, టార్చి వెలుగులో, బలం పెట్టకుండా వాడండి.

ప్లాస్టిక్ పుల్ల, అంటే ఫ్లాస్ పిక్ వెనక ఉండే సన్నని కొస, నా మొదటి ఎంపిక. వంగుతుంది గానీ విరగదు, కాంటాక్టును గీరదు. మందుల షాపులో ప్యాకెట్ దొరుకుతుంది. కొస లావుగా అనిపిస్తే బ్లేడుతో కాస్త చెక్కుకోవచ్చు. పాత ఏటీఎం కార్డు ముక్క కోసి వాడమని కొందరు చెబుతారు. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, మన సందు ఒక మిల్లీమీటరు లోపే. దూరుతుంది గానీ పీచును బయటికి తెచ్చే చోటు మిగలదు, వెనక్కే నెడుతుంది.

బ్రష్ ఒంటరిగా అంటుకున్న పీచును కదపలేదు, రాలిన పొడిని దులపడానికి పనికొస్తుంది. కొత్త పిల్లల టూత్‌బ్రష్ తీసుకుని, రెండు వరుసల కుచ్చులు తప్ప మిగతావి కత్తిరించేస్తే మంచి పనిముట్టు అవుతుంది. పళ్ల సందుల కోసం అమ్మే ఇంటర్‌డెంటల్ బ్రష్ చూడ్డానికి సరిగ్గా దీనికోసమే చేసినట్టుంటుంది, కానీ దాని నడుమ ఉన్నది ఇనుప తీగ. దూదిపుల్ల గుంటలో పట్టదు, పట్టినా దూదిని లోపలే వదిలేస్తుంది.

గాలి విషయానికి వస్తే, నోటితో ఊదితే దుమ్ముతో పాటు ఉమ్మి తేమ కూడా లోపలికి పోతుంది. కెమెరాలకు వాడే రబ్బరు బంతి బ్లోయర్ మంచిదే, వదులు దుమ్ముకు అది చాలు. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్‌ను వంచి కొడితే లోపలి ద్రవం చల్లగా చిమ్ముతుంది. పీడనం ఎక్కువ కాబట్టి పీచు ఇంకా లోతుకు పోవచ్చు, పక్కనే ఉన్న మైక్ జాలీ దెబ్బతినొచ్చు. ఆపిల్ కూడా దీన్ని వద్దనే చెబుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి ఫోన్ తీసుకెళ్లేవాళ్లను చూశాను. ఆ గాలిలో నీటి తుంపర, ఆయిల్ ఆవిరి కలిసి ఉంటాయి. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇక ద్రవాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నే పొట్టిగా ఐపీఏ అంటారు. ‘ఐపీఏ వేస్తే శుభ్రమైపోతుంది’ అనే మాట రిపేరు షాపుల నుంచి వచ్చింది. అక్కడ వాళ్లు వాడేది 99 శాతానిది, ఎక్కువసార్లు ఫోన్ విప్పి, బోర్డు బయట పెట్టి. మందుల షాపు స్వాబ్‌లో 30 శాతం నీళ్లు. అద్దానికి మంచిదైన అదే స్వాబ్ పిన్‌కి చెడ్డది. పైగా ద్రవం పీచును తీయదు, తడిపి ముద్ద చేస్తుంది. అందుకే పీచు మురికికి ద్రవం వాడనే వద్దు. కాంటాక్టు మీద పచ్చ, నలుపు మరకలు కనపడితే అది చిలుము. దానికి 99 శాతం ఐపీఏ అవసరమే, కానీ ఆ పని చేతివాటం ఉన్న మెకానిక్‌కు వదిలేయండి.

పొరపాటున తడి తగిలితే

శుభ్రం చేస్తూనో, వానలోనో పిన్‌లోకి నీళ్లు పోయాయనుకుందాం. మొదటి నియమం, చార్జర్ పెట్టకూడదు. నీళ్లున్న చోట కరెంటు పారితే కాంటాక్టు లోహం నిమిషాల్లో చిలుము పట్టడం మొదలవుతుంది. మంచి ఫోన్లు కాంటాక్టుల మధ్య తడిని పసిగట్టి, నీటి చుక్క బొమ్మతో హెచ్చరిక చూపించి చార్జింగ్ ఆపేస్తాయి. ఐఫోన్లో `Emergency Override` అనే మీట కూడా వస్తుంది. పేరులో ఉన్నట్టే అది ప్రాణం మీదికి వచ్చినప్పటికే.

ఫోన్ పిన్ కిందికి ఉండేలా పట్టుకుని, అరచేతికి మెల్లగా తట్టి నీళ్లు రాల్చండి. తర్వాత ఫ్యాను గాలి పిన్ వైపు తగిలేలా నిలబెట్టండి. అరగంట తర్వాత చూడొచ్చు, హెచ్చరిక మళ్లీ వస్తే ఒక రోజు వరకు ఆగాల్సి రావచ్చు. తొందరగా ఉంటే, వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోన్ అయితే వెనక వైపు తుడిచి దాని మీద పెట్టుకోవచ్చు.

బియ్యం డబ్బా మన ఇళ్లలో ఆనవాయితీ. బియ్యం గుంటలోని నీటిని లాగదు, ఆరేది డబ్బాలోని గాలి వల్లే. అదీ ఫ్యాను గాలి కన్నా నెమ్మది. పైగా నూకా పొడీ పిన్‌లోకి పోయి తడిలో ముద్దవుతుంది. బియ్యం వద్దని ఆపిల్ తన సూచనల్లో నేరుగా రాసింది. హెయిర్ డ్రయర్ ఇంకా ప్రమాదం, ఆ వేడికి ఫోన్‌ను మూసి ఉంచే జిగురు మెత్తబడుతుంది.

‘నాది ఐపీ68 ఫోన్, నీళ్లతో కడిగేస్తా’ అనేవాళ్లకు ఒక సంగతి. దుమ్మునూ నీటినీ తట్టుకుంటుందని చెప్పే ఆ రేటింగ్ ల్యాబులో, కొత్త ఫోన్‌ను, మామూలు నీటిలో ఉంచి ఇచ్చింది. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు, టీ అందులో లేవు. రెండుసార్లు కిందపడ్డ ఫోన్‌కి, ఒకసారి స్క్రీన్ మార్చిన ఫోన్‌కి ఆ సీలు ఇంకా అలాగే ఉందని నమ్మడానికి లేదు. పైగా సీలు కాపాడేది ఫోన్ లోపలి బోర్డును. చార్జింగ్ గుంట ఎప్పుడూ బయటే ఉంటుంది, తడి అక్కడికి చేరకుండా ఏ రేటింగూ ఆపదు.

ఒక్కోసారి ఫోన్ తడవకపోయినా నీటి చుక్క హెచ్చరిక వదలదు. వానాకాలంలో ఇది మామూలే. లోపలి పీచు గాలిలోని తేమను పీల్చుకుని కాంటాక్టుల మధ్య వంతెనలా ఉంటుంది. ఒక రోజు ఆరబెట్టి, పైన చెప్పినట్టు పొడి పుల్లతో పీచు తీస్తే చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే చిలుము పట్టి ఉండొచ్చు, కేబుల్ చివర కూడా ఒకసారి చూసుకోండి. అక్కడ ఒక పట్టీ నల్లబడి ఉంటే ఆ కేబుల్ పారేయండి, అది ఏ ఫోన్‌కి పెడితే ఆ ఫోన్‌ని పాడుచేస్తుంది.

షాపుకు వెళ్లాల్సింది ఎప్పుడంటే: మధ్య నాలుక వంగినట్టో విరిగినట్టో కనపడినప్పుడు, చిలుము కనపడినప్పుడు, పీచు తీసినా ఏ కేబుల్ పెట్టినా వదులుగానే ఉన్నప్పుడు. అక్కడ వాళ్లు “సీసీ బోర్డు”, అంటే చార్జింగ్ పిన్ ఉండే బోర్డు, “మార్చాలి” అనేముందు, “ముందు క్లీన్ చేసి చూపించండి, కేబుల్ లోపలికి దిగుతోందో లేదో నా ఎదుటే పెట్టండి” అని అడగండి. మీ మోడల్‌లో పిన్ విడిగా చిన్న బోర్డు మీద ఉందా, నేరుగా మదర్‌బోర్డుకు టంకం వేసి ఉందా అన్నది కూడా అడగండి. చిన్న బోర్డు అయితే మార్పు చవక, పావుగంట పని. మదర్‌బోర్డు మీదిదైతే టంకం పని తెలిసిన మనిషి కావాలి, ఖర్చూ ఎక్కువే. ఆ రెండో రకం ఫోన్ ఉన్నవాళ్లు పిన్నీసుకు మరింత దూరంగా ఉండాలి.